పొద్దున సరిగ్గా ఉన్న బూట్లు సాయంత్రానికి కరుస్తున్నాయి. సైజు పెంచాలా?

వన్‌టౌన్_కుర్రాడు · సోమవారం, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపులో పని చేస్తాను. పొద్దున పదింటికి నిలబడితే మళ్ళీ కూర్చునేది అన్నం తినే అరగంటే. రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. ఇన్నాళ్ళూ చెప్పులతోనే గడిచిపోయింది. ఈమధ్య మా ఓనరు గారు అందరూ నల్ల బూట్లు వేసుకోవాలన్నారు.

సెలవు రోజున పొద్దున పదిన్నరకి బీసెంట్ రోడ్డుకి వెళ్ళి 7 నంబరు లేసుల బూట్లు కొన్నాను. కొట్లో నాలుగడుగులు వేస్తే హాయిగా ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం ఆరు దాటేసరికి కుడికాలి చిటికెన వేలి పక్కన మంట మొదలైంది. ఎనిమిదింటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ముందు భాగంలో వేళ్ళు తగలడం లేదు, పక్కలే నొక్కుతున్నాయి. ఆ జత మా తమ్ముడికి ఇచ్చేసి, అదే మోడల్‌లో 8 కొన్నాను. ఇప్పుడు మడమ లేచిపోతోంది, వెనక బొబ్బ వచ్చింది. మెట్లెక్కేటప్పుడు షూ ముక్కు తగిలి రెండుసార్లు తూలాను. చిటికెన వేలు మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది.

రాత్రి సాక్స్ తీస్తే చీలమండ చుట్టూ గాడి పడి ఉంటుంది, పొద్దునకల్లా పోతుంది. రెండు జతలకీ కలిపి నాలుగు వేల పైనే అయింది. మళ్ళీ డబ్బులు పెట్టే ముందు అడుగుతున్నాను. 9కి వెళ్ళాలా?

ఆటోనగర్_మెకానిక్ · సోమవారం, రాత్రి 10.41

తమ్ముడూ, 9 వద్దు. 8 ఉంచుకో, మందం సాక్స్ వేసుకో, మడమ కదలదు. తోలు అయితే వారం పది రోజుల్లో సాగుతుంది. నా సేఫ్టీ షూస్ కూడా మొదట్లో చంపేశాయి. రాత్రిపూట లోపల పేపర్లు కుక్కి పెట్టేవాణ్ణి, నెల తిరిగేసరికి దారికొచ్చాయి. కొత్త బూట్లు కరవడం మామూలే.

గవర్నర్‌పేట_పాతకొట్టు · సోమవారం, రాత్రి 11.15

అబ్బాయ్, 9 జోలికి వెళ్ళకు. నేను 32 ఏళ్ళు చెప్పుల కొట్లో కాళ్ళ దగ్గర కూర్చుని బతికినవాణ్ణి. నువ్వు చెప్పినదాంట్లో రెండు సంగతులు చాలు. వేళ్ళు ముందు తగలడం లేదన్నావు, అంటే 7 పొడవు నీకు సరిపోయింది. పక్కలు నొక్కుతున్నాయన్నావు, అంటే వెడల్పు చాల్లేదు. వెడల్పు చాలనివాడు పొడవు పెంచుకుంటే ఏమవుతుందో ఇప్పుడు నువ్వు పడుతున్నావు.

మెకానిక్ గారు చెప్పింది సగం నిజం. అసలు తోలు పక్కలకి కొంచెం సాగుతుంది, పొడవుకి సాగదు. పైన ప్లాస్టిక్ పూత ఉన్న సింథటిక్ అయితే పక్కలకీ సాగదు, ముడత పడి పగులుతుంది. నీది ఏదో ముందు చూసుకో. మందం సాక్స్ వేస్తే మడమ దగ్గర ఖాళీ తగ్గుతుంది, నిజమే. కానీ ఆ మందమే చిటికెన వేలి దగ్గర కూడా చేరి ఇంకా నొక్కుతుంది.

ఇంకో జత కొనేలోపు ఒక పని చెయ్యి. రేపు పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి షాపు కట్టాక ఒకసారి, రెండు పాదాలూ కొలువు. గట్టి నేల మీద తెల్లకాగితం వేసి, రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడు. నువ్వే వంగి గీస్తే పాదం ఆకారం మారిపోతుంది, ఇంకెవరైనా గీయాలి. పెన్ను నిటారుగా పట్టుకోమను, పాదం కిందికి వాలకూడదు. మడమ చివర నుంచి అన్నిటికన్నా పొడుగైన వేలి దాకా పొడవు తీసుకో. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలే పొడుగు, అది కూడా చూసుకో. తర్వాత బొటనవేలి మొదట్లో ఒక బుడిపె, చిటికెన వేలి మొదట్లో ఒక బుడిపె తగులుతాయి. ఆ రెండిటి మీదుగా టేపు చుట్టి చుట్టుకొలత తీసుకో. టేపు ఆనాలి గానీ బిగించకూడదు. బట్టల షాపులో ఉన్నావు, టేపుకి లోటు ఉండదు కదా.

అరండల్‌పేట_అమ్మాయి · మంగళవారం, ఉదయం 7.50

ఇది చూసి రాస్తున్నానండి. మాది గుంటూరు. మా అమ్మకి 64 ఏళ్ళు, షుగర్ ఉంది, బీపీకి మాత్రలు వాడుతోంది. ఆవిడకి కూడా సాయంత్రానికి కాళ్ళు పొంగుతాయి. వారం నుంచి ఎడమ కాలు ఎక్కువగా పొంగుతోంది, పొద్దున కూడా తగ్గడం లేదు. పొంగే కాళ్ళకి ఎలాంటి చెప్పులు మంచివి? సాయంత్రం తీసుకెళ్ళి కొనిస్తే సరిపోతుందా?

ఫిజియో_బ్రాడీపేట · మంగళవారం, ఉదయం 9.05

అరండల్‌పేట అమ్మాయి గారూ, దయచేసి చెప్పుల సంగతి తర్వాత చూద్దాం. ఈ థ్రెడ్ పెట్టిన అబ్బాయికి రెండు కాళ్ళూ పొంగుతున్నాయి, రాత్రి పడుకుంటే తగ్గిపోతున్నాయి. అది నిలబడే ఉద్యోగంలో చాలామందికి ఉండేదే. మీ అమ్మగారిది అలాంటిది కాదు. ఒక్క కాలే పొంగి, పొద్దునకి కూడా తగ్గకపోతే ఇవాళే డాక్టరుకి చూపించాలి. పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు ఉంటే గంటలు లెక్కపెట్టకండి, వెంటనే వెళ్ళండి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి కాలి పుండు వల్ల కూడా అలా వాస్తుంది. బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్ లాంటివి రెండు కాళ్ళూ పొంగేలా చేస్తాయి. ఆ చీటీ కూడా తీసుకెళ్ళండి, మాత్ర మాత్రం మీరే ఆపొద్దు.

కాళ్ళెందుకు పొంగుతాయని చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్తాను. పాదాల్లోకి దిగిన రక్తాన్ని పైకి తోసేది ఎక్కువగా పిక్క కండరమే. నడిచినప్పుడల్లా అది పిండినట్టు పని చేస్తుంది. కౌంటరు వెనక కదలకుండా నిలబడితే ఆ పిండడం ఉండదు, నీరు కిందే చేరుతుంది. అందుకే రోజంతా నడిచే పోస్ట్‌మ్యాన్ కన్నా రోజంతా నిలబడే సేల్స్‌మ్యాన్ కాలు ఎక్కువ పొంగుతుంది. ఎండాకాలంలో చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి కాబట్టి ఇంకా ఎక్కువ. మన విజయవాడ మే నెల సాయంత్రానికీ డిసెంబరు సాయంత్రానికీ ఒకే పాదంలో తేడా కనిపిస్తుంది.

అరండల్‌పేట_అమ్మాయి · మంగళవారం, ఉదయం 9.20

ఇవాళే తీసుకెళ్తానండి. మామూలు పొంగే అనుకున్నాను.

బ్యారేజీ_రన్నర్ · మంగళవారం, మధ్యాహ్నం 1.30

కొట్టు బాబాయ్ గారి మాటకి ఒక చిన్న అభ్యంతరం. పొంగిన కాలికి కొలిచి కొంటే పొద్దున ఆరు, ఏడు గంటలప్పుడు వదులు కదా? నేను పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ వైపు పరిగెత్తుతాను. నా రన్నింగ్ షూస్ సాయంత్రమే కొంటాను, నిజమే. ఎందుకంటే పరిగెత్తేటప్పుడు కూడా కాలు పొంగుతుంది. కానీ రోజంతా వేసుకునే ఆఫీసు బూట్లకి సాయంత్రం ఎనిమిది గంటల పాదాన్ని కొలతగా తీసుకోవడం ఎక్కువేమో. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు కొంటే మధ్యస్థంగా ఉంటుందని నా అనుభవం.

వన్‌టౌన్_కుర్రాడు · బుధవారం, రాత్రి 11.05

బాబాయ్ గారూ, కొలిచాను. మంగళవారం పొద్దున ఏడింటికి మా తమ్ముడు గీశాడు. రాత్రి తొమ్మిదింపావుకి షాపులోనే మా కటింగ్ మాస్టారు గీశారు. టేపు కూడా ఆయనే పట్టారు.

పొద్దున ఎడమ పాదం పొడవు 25.2 సెంటీమీటర్లు, చుట్టుకొలత 24.3. కుడి పాదం పొడవు 25.5, చుట్టుకొలత 24.6. రాత్రికి ఎడమది 25.3 పొడవు, 24.9 చుట్టు. కుడిది 25.7 పొడవు, 25.3 చుట్టు.

రెండు కాళ్ళకీ తేడా ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. బూట్లు చూశాను, లోపలి అంచు దగ్గర గీస్తే గుడ్డ కనిపించింది. సింథటిక్కే.

గవర్నర్‌పేట_పాతకొట్టు · గురువారం, ఉదయం 6.40

మాస్టారికి నా నమస్కారం చెప్పు, టేపు బాగా పట్టాడు. ఇప్పుడు నీ అంకెలు నిదానంగా చూద్దాం.

పొద్దుటికీ రాత్రికీ నీ కుడి పాదం పొడవు 2 మిల్లీమీటర్లే పెరిగింది. చుట్టుకొలత మాత్రం 7 మిల్లీమీటర్లు పెరిగింది. ఎముకలు సాగవు, చేరిన నీరు పక్కలకీ పైకీ వెళ్తుంది. అంటే సాయంత్రం కాలికి కావలసింది పెద్ద నంబరు కాదు, వెడల్పు.

మన దగ్గర బూట్ల మీద ఉండేది ఎక్కువగా ఇంగ్లండు నంబరు. అందులో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. నంబరు పెరిగితే చుట్టుకొలత కూడా అంగుళంలో పావు వంతు, సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే నంబరులో వెడల్పు ఒక మెట్టు పెంచినా చుట్టుకొలత ఇంచుమించు అంతే పెరుగుతుంది. నువ్వు 7 నుంచి 8కి వెళ్ళినప్పుడు నీకు కావలసిన 6 మిల్లీమీటర్లు వచ్చాయి, దాంతోపాటు అక్కర్లేని ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవు కూడా వచ్చింది. 7 నంబరు బూటు కుట్టే అచ్చు పొడవు సుమారు 27.1 సెంటీమీటర్లు. రాత్రి నీ కుడి పాదం 25.7. ముందు 1.4 ఖాళీ ఉంది, ఒక సెంటీమీటరు పైన ఉంటే వేళ్ళకి చాలు. 8లో ఆ ఖాళీ 2.2 దాటుతుంది. మెట్ల మీద షూ ముక్కు తగిలి తూలింది అందుకే.

మరి 8లో చుట్టుకొలత పెరిగింది కదా, చిటికెన వేలు ఇంకా ఎందుకు నొప్పి పుడుతోందని నువ్వు అడగాలి. బూటు అన్నిచోట్లా ఒకే వెడల్పు ఉండదు. బుడిపెలు ఉండే చోట అన్నిటికన్నా వెడల్పుగా ఉండి, అక్కడి నుంచి ముక్కు వైపు సన్నబడుతుంది. షూ వంగేది కూడా ఆ వెడల్పైన చోటే. పెద్ద నంబరు వేసుకుంటే ఆ వెడల్పైన చోటు నీ బుడిపెల కన్నా ముందుకి జరిగిపోతుంది. అడుగు వేసినప్పుడు షూ ఒకచోట, పాదం ఒకచోట వంగుతాయి. ఆ లాగులాటలో మడమ లేస్తుంది. మడమ లేచినప్పుడల్లా పాదం ముందుకి జారి సన్నటి ముక్కులో ఇరుక్కుంటుంది. నీ చిటికెన వేలు మళ్ళీ గోడకి ఆనుతుంది.

అందుకని 7 నంబరులోనే వెడల్పు ఎక్కువ ఉన్న జత వెతుక్కో. అట్ట పెట్టె మీదో నాలుక లోపలో ఎఫ్, జి, హెచ్ లాంటి అక్షరం ఉంటే అది వెడల్పు. ఇంగ్లండు పద్ధతిలో చాలా కంపెనీల మగవాళ్ళ బూట్లకి ఎఫ్ మామూలు, జి వెడల్పు, హెచ్ ఇంకా వెడల్పు. అమెరికా కంపెనీల అక్షరాలు వేరు, వాళ్ళకి మగవాళ్ళ మామూలు డి. ఏ అక్షరమూ లేని బూట్లే ఎక్కువ. అప్పుడు కంటితో, కాలితో చూసుకోవడమే.

కొట్లో ఎలా చూసుకోవాలో సాయంత్రం రాస్తాను, మనవడిని బడికి దించాలి.

పటమట_టీచర్ · గురువారం, మధ్యాహ్నం 12.50

ఇది చదివాక నా కథ అర్థమైంది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకునే జతలన్నీ పొద్దున పార్సిల్ రాగానే వేసుకుని బాగున్నాయనుకుని అట్ట చింపేస్తాను. సాయంత్రం నాలుగింటికి స్కూల్లో నొక్కుతాయి. ఇక నుంచి పార్సిల్ రాత్రి తెరుస్తాను. వాపసు పంపాలంటే అడుగు మురికి కాకూడదు కాబట్టి ఇంట్లో శుభ్రమైన గచ్చు మీదే ఓ పావుగంట నడిచి చూడాలి. ఆడవాళ్ళ ముక్కు కోసు బూట్లకి కూడా ఈ లెక్కేనా బాబాయ్ గారూ?

గవర్నర్‌పేట_పాతకొట్టు · గురువారం, రాత్రి 7.30

ఇంకా ఎక్కువ వర్తిస్తుందమ్మా. ముక్కు కోసు బూటులో ముందు ఖాళీ కనిపించినా అది వేళ్ళు పట్టే ఖాళీ కాదు, ఉత్త మొన. వేళ్ళు పక్కపక్కన పడుకునే చోటు ఎంతుందో అదే లెక్క.

ఇప్పుడు అబ్బాయికి. పని అయిపోయాక నేరుగా కొట్టుకి వెళ్ళు. ఇంటికి వెళ్ళి స్నానం చేసి, కాళ్ళు మంచం మీద పెట్టుకుని గంట పడుకుని వెళ్తే పొంగు దిగిపోతుంది. రోజూ వేసుకునే సాక్సే వేసుకుని వెళ్ళు. కొట్లో ఇచ్చే పల్చటి సాక్స్‌తో చూడకు.

కుర్రాళ్ళు రాక్ మీద ఉన్న ఒక్క బూటే తెచ్చి ఇస్తారు. చాలా కొట్లలో అది ఏ కాలిదైతే ఆ కాలికే వేసి చూసి జనం డబ్బులు కట్టేస్తారు. నీకు కుడి పెద్దది. వాళ్ళు ఎడమది ఇచ్చారనుకో, మళ్ళీ పాత కథే. గోడౌన్ నుంచి రెండోది తెప్పించు, మొహమాటపడకు. ముందు కుడిది వేసుకో, అది సరిపోతేనే ఎడమది.

కాలు పెట్టే ముందు లోపలి అట్ట ఊడుతుందేమో చూడు. ఊడితే బయటికి తీసి, నేల మీద పెట్టి దాని మీద నిలబడు. పాదం అట్ట దాటి పక్కలకి వస్తే ఆ బూటు పెట్టెలో పెట్టేయమను. ఇంతకన్నా నిజం చెప్పే పరీక్ష నాకు తెలియదు. అట్ట అతికించి ఉంటే నీ పాదం గీసిన కాగితం తీసుకెళ్ళు, రాత్రి గీసిన కుడి పాదంది. దాని మీద బూటు పెట్టి చూస్తే గీత బయటికి ఎంత వస్తోందో కనిపిస్తుంది. అడుగు అంచు పైభాగం కన్నా వెడల్పుగా ఉంటుంది కాబట్టి గీత అంచు లోపలికి వచ్చినంత మాత్రాన సరిపోయిందనుకోకు. గీత బయటికి వస్తే మాత్రం ఖాయంగా చాలదు.

ముందు ఖాళీ చూడ్డానికి అందరూ షూ ముక్కు మీద బొటనవేలితో నొక్కుతారు. మెత్తటి స్పోర్ట్స్ షూలో అది పనికొస్తుంది. నల్ల బూట్ల ముక్కులో గట్టి ముక్క ఉంటుంది, నొక్కినా ఏమీ తెలియదు. పూర్వం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఇంట్లోవాళ్ళ పాదం పొడవుకి కొబ్బరి ఈనె విరిచి తెచ్చేవారు. నువ్వూ ఒక అట్టముక్క పాదం పొడవు కన్నా సెంటీమీటరు ఎక్కువగా, సన్నగా కోసి పట్టుకెళ్ళు. అది బూటులో వంగకుండా మడమ దాకా దిగితే పొడవు చాలు. అయితే ఆ ఈనె వెడల్పు సంగతి చెప్పేది కాదు. ఊరికి వెళ్ళిన చెప్పులు మర్నాడే వెనక్కి వచ్చేవి అందుకే.

ఇక లేసులు. బిగించాక రెండు రెక్కల మధ్య వేలు వెడల్పు సందు, పైనా కిందా సమానంగా ఉండాలి. కొత్తప్పుడే రెక్కలు రెండూ కలిసిపోయాయంటే లోపల చోటు ఎక్కువైందని. కింద దగ్గరగా, పైన వెడల్పుగా విచ్చుకుంటే పాదం మీది ఎత్తుకి చోటు చాలలేదని. రన్నర్ గారి ప్రశ్నకి నా జవాబు కూడా ఈ సందులోనే ఉంది. పొద్దున పాదం చిన్నగా ఉన్నప్పుడు బిగించు, మధ్యాహ్నం ఒకసారి వదులు చెయ్యి. లేసుల బూటు ఆ 7 మిల్లీమీటర్లనీ సర్దుకుంటుంది. ఇరుకుగా కొన్నదాన్ని సాయంత్రం వెడల్పు చేసే మార్గం లేదు.

బ్యారేజీ_రన్నర్ · గురువారం, రాత్రి 8.10

లేసుల వరకు ఒప్పుకుంటున్నాను బాబాయ్ గారూ. మరి లేసులు లేని లోఫర్ల సంగతి? వాటిని బిగించలేం. సాయంత్రం కాలికి కొంటే పొద్దున మడమ ఊడిపోతుంది. నేనైతే లోఫర్లు మధ్యాహ్నమే కొంటాను.

గవర్నర్‌పేట_పాతకొట్టు · గురువారం, రాత్రి 8.25

పదకొండు గంటలు నిలబడేవాడికి లోఫరే వద్దంటాను నేను. గంటో రెండు గంటలో వేసుకునేవాళ్ళకి మీ పద్ధతి నడుస్తుందేమో. లోఫరు మధ్యాహ్నం కొని సాయంత్రం తిట్టుకున్నవాళ్ళనీ చూశాను, సాయంత్రం కొని పొద్దున జారిపడ్డవాళ్ళనీ చూశాను.

ఆటోనగర్_మెకానిక్ · గురువారం, రాత్రి 8.50

నా సేఫ్టీ షూస్ తోలువి, అందుకే దారికొచ్చాయన్నమాట. కానీ నా కుడి చిటికెన వేలి మీద ఆనెకాయ ఉంది, రెండేళ్ళ నుంచి బ్లేడుతో చెక్కుతున్నాను. అదీ వెడల్పు వల్లేనా?

ఫిజియో_బ్రాడీపేట · గురువారం, రాత్రి 9.15

అన్నా, బ్లేడు దయచేసి ఆపండి. అదేచోట రోజూ ఒత్తిడి, రాపిడి పడితే చర్మం గట్టిపడి ఆనె కడుతుంది. ఒత్తిడి ఉన్నంతకాలం ఎంత చెక్కినా మళ్ళీ వస్తుంది. మీవి ఇనప టోపీ ఉన్న సేఫ్టీ షూస్ అయితే తోలు సాగినా టోపీ సాగదు. ఆ టోపీ అంచు సరిగ్గా చిటికెన వేలి మీద పడుతోందేమో లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఈ థ్రెడ్ చదువుతుంటే ఒక మాట. బాబాయ్ గారు చెప్పిన కొలతలు మీకూ పనికొస్తాయి. కానీ "వేసుకుంటే హాయిగా ఉంది" అన్న ఒక్క మాట నమ్మకండి. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే ఇరుకు బూటు కూడా హాయిగానే అనిపిస్తుంది. అలాంటివాళ్ళు కొందరు కాలికి ఏదో ఉన్నట్టు తెలియాలని కావాలనే బిగుతువి ఎంచుకుంటారు. కొత్త జత మొదటి రోజు అరగంట వేసుకుని, తీసి, పాదం చుట్టూ ఎర్రమచ్చలు ఉన్నాయేమో అద్దం పెట్టి చూసుకోండి. షుగర్ కాళ్ళకి ఎంసీఆర్ చెప్పులని మెత్తటి రబ్బరు అడుగున్నవి దొరుకుతాయి. మీ డాక్టరుని అడిగి తీసుకోండి.

వన్‌టౌన్_కుర్రాడు · శనివారం, రాత్రి 11.40

కొన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఓనరు గారిని అడిగి అరగంట ముందు బయటపడ్డాను. ఎనిమిదీ నలభైకి కొట్లో ఉన్నాను. రాత్రి గీసిన కాగితం, అట్టముక్క రెండూ జేబులో ఉన్నాయి. కుర్రాడు ఎడమ బూటు ఒక్కటే తెచ్చాడు. కుడిది కావాలంటే "రెండూ ఒకటే సైజు సార్" అన్నాడు. నా కుడి కాలు పెద్దదని చెప్పి తెప్పించుకున్నాను.

మొదటి జత 7, ముక్కు కొంచెం సన్నం. అట్ట ఊడింది. నేల మీద పెట్టి నిలబడితే చిటికెన వేలు అట్ట అంచు దాటి బయటికి వచ్చింది. వేలి గోరంత ఉంది ఆ తేడా, అంతే. కాలు లోపల పెడితే మాత్రం ఆ క్షణానికి ఏమీ నొప్పి లేదు. అట్ట తీసి చూడకపోతే ఆ జతే కొనేసేవాణ్ణి.

రెండో జత గుండ్రటి ముక్కు. అట్ట మీద పాదం పూర్తిగా పట్టింది. లేసులు కడితే కింద సందు బాగుంది, పైన మాత్రం విచ్చుకుంది. పాదం మీద నొక్కినట్టు అనిపించింది. నా పాదం పైకి ఎత్తుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

మూడో జత నాలుక లోపల 7, పక్కన జి అని ఉంది. అట్ట మీద చిటికెన వేలు లోపలే ఉంది, ఇంకా సన్నటి గీతంత అంచు మిగిలింది. అట్టముక్క వంగకుండా దిగింది. రెండు బూట్లూ వేసుకుని మేడ మీది ఫ్లోరుకి మెట్లెక్కి దిగాను. దిగేటప్పుడు వేళ్ళు ముందు తగల్లేదు. మడమ కుడివైపు కదల్లేదు, ఎడమవైపు కొద్దిగా లేచింది. పది నిమిషాలు కొట్లో తిరిగాను, కుర్రాడు కొంచెం విసుక్కున్నాడు. కొట్టు కట్టేసే వేళ కదా, అతనూ పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు.

తోలువే. 2,650 తీసుకున్నారు. ఎడమ మడమ లేవడానికి ఏం చెయ్యాలి బాబాయ్ గారూ?

గవర్నర్‌పేట_పాతకొట్టు · ఆదివారం, ఉదయం 6.55

బాగా చూసి కొన్నావు. ఎడమ పాదం చిన్నది కాబట్టి ఆ ఒక్క బూటులోనే లోపలి అట్ట కింద ముందు భాగానికి మాత్రం పల్చటి సగం సోల్ వెయ్యి. మడమ కింద వెయ్యకు, మడమ ఇంకా పైకి లేచి ఊడిపోతుంది. ముందు భాగం నిండితే పాదం వెనక్కి ఆనుతుంది. ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మందం చాలు. బీసెంట్ రోడ్డు సందుల్లో చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కోయించుకుంటే నీ అట్ట ఆకారానికే కోసిస్తారు.

పటమట_టీచర్ · ఆదివారం, ఉదయం 10.30

మన పాదాలకి దొరికే బూట్లన్నీ ఇరుకుగానే ఎందుకుంటాయన్న ప్రశ్న నాకు మిగిలింది. చెన్నైలోని తోళ్ళ పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ వాళ్ళు 2021 చివర్లో, 2022 మొదట్లో దేశమంతా లక్ష మందికి పైగా పాదాలు కొలిచారని, మనవాళ్ళ పాదాలు సగటున యూరప్, అమెరికా వాళ్ళకన్నా వెడల్పని తేలిందని, మనకంటూ "భా" అనే కొలత ప్రతిపాదించారని వార్తల్లో చదివాను. అవి కొట్లలోకి వస్తే ఈ కాగితాలూ అట్టముక్కలూ అక్కర్లేదా?

గవర్నర్‌పేట_పాతకొట్టు · ఆదివారం, ఉదయం 11.10

కాగితం అప్పుడూ కావాలమ్మా. అచ్చు వెడల్పయితే ఇతని లాంటివాళ్ళకి మంచిదే. సన్నటి పాదం ఉన్నవాళ్ళకి అది వదులవుతుంది. ఏ కొలత వచ్చినా ఒకే మనిషి కుడికీ ఎడమకీ, పొద్దుటికీ సాయంత్రానికీ ఉన్న తేడా పెట్టె మీద రాసి ఉండదు.

అరండల్‌పేట_అమ్మాయి · ఆదివారం, రాత్రి 8.00

అమ్మ సంగతి చెప్పాలి. ఆ రోజే చూపించాను. గడ్డ ఏమీ లేదని స్కాన్‌లో తేలింది. వేళ్ళ మధ్య చిన్న పుండు చెడి కాలు వాచిందన్నారు. అమ్మకి అక్కడ నొప్పే తెలియలేదు. మందులు వాడుతున్నాం, రెండు రోజుల నుంచి వాపు దిగుతోంది. పుండు మానాక కొలత తీసుకుని ఎంసీఆర్ చెప్పులు చేయిద్దామని డాక్టరు గారు అన్నారు. ఫిజియో గారూ, ఆ పొద్దున మీరు జవాబు ఇవ్వకపోతే నేను చెప్పులే కొనేదాన్ని.

వన్‌టౌన్_కుర్రాడు · తర్వాతి గురువారం, రాత్రి 10.50

ఎడమ బూటులో సగం సోల్ వేయించాను, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. మడమ ఇప్పుడు లేవడం లేదు. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడు లేసులు ఒకసారి వదులు చేస్తున్నాను. ఇవాళ రాత్రి షాపు కట్టాక సాక్స్ తీసి చూశాను. చీలమండ దగ్గర గాడి అలాగే ఉంది, చిటికెన వేలి మీద ఎర్రమచ్చ మాత్రం లేదు. మా కటింగ్ మాస్టారు కూడా తన పాదాలు గీయమని కాగితం తెచ్చుకున్నారు. ఆయనకి ఎడమది పెద్దది.